20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా: క్లెయిమ్ ఎందుకు తిరిగొస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కూలీ ఇళ్లలో, చిన్న రైతుల ఇళ్లలో పెద్దదిక్కు పోయాక చాలామందికి మిగిలే బీమా ఈ రెండే. ప్రీమియం ఏటా ఖాతాలోంచి కట్ అవుతుంది, డబ్బు మాత్రం రాదు. మేం చూసిన తిరస్కరణల్లో ఎక్కువ వాటికి కారణం మోసం కాదు, కాగితం. ఆ కాగితం ఎక్కడ తప్పుతుందో, తప్పితే ఏం చేయవచ్చో ఈ పేజీలో రాశాం.

ఈ రెండు పథకాలకు తేడా ఏమిటి?

రెండూ 2015 మేలో ప్రారంభమయ్యాయి, జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన ప్రమాదానికి మాత్రమే వర్తిస్తుంది. మొదట్లో దీనికి ఏడాదికి 12 రూపాయలు తీసుకునేవారు, 2022 జూన్ నుంచి 20 రూపాయలు చేశారు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లు చేరవచ్చు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు ఇస్తారు. రెండు కళ్లు పోయినా, రెండు చేతులు లేదా రెండు కాళ్లు పనికిరాకుండా పోయినా, ఒక కన్నుతో పాటు ఒక చెయ్యి లేదా కాలు పోయినా అదే 2 లక్షలు. ఒక కన్ను గానీ, ఒక చెయ్యి లేదా ఒక కాలు గానీ శాశ్వతంగా పోతే లక్ష.

ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజన ప్రాణానికి సంబంధించింది. చావు ఏ కారణంతో వచ్చినా 2 లక్షలు ఇస్తారు. ప్రీమియం 330 నుంచి 2022 జూన్‌లో 436 రూపాయలకు పెరిగింది. చేరడానికి 18 నుంచి 50 ఏళ్ల వయసు ఉండాలి. ఆ తర్వాత ఏటా ప్రీమియం కడుతూ పోతే 55 ఏళ్లు వచ్చేదాకా కొనసాగుతుంది.

రెండిటికీ బీమా ఏడాది జూన్ 1 నుంచి మే 31 వరకు. రెండూ బ్యాంకు ఖాతాతోనో, పోస్టాఫీసు ఖాతాతోనో ముడిపడి ఉంటాయి. డబ్బు చెల్లించేది మాత్రం బ్యాంకు కాదు, ఆ బ్యాంకు ఒప్పందం చేసుకున్న బీమా కంపెనీ. క్లెయిమ్ ఎక్కడ ఆగిందో కనుక్కోవాలంటే ఈ తేడా గుర్తుండాలి.

మా నాన్న ప్రమాదంలో పోయారు. రెండు బీమాలూ ఉన్నాయి. ఏదో ఒకటే వస్తుందా?

రెండూ వస్తాయి. జీవన్ జ్యోతి ఏ మరణానికైనా వర్తిస్తుంది కాబట్టి ప్రమాద మరణానికీ వర్తిస్తుంది. సురక్ష బీమా దానికి అదనం. కలిపి 4 లక్షలు. చాలా ఇళ్లలో ప్రమాద బీమా ఫారం ఒక్కటే నింపి, అది తిరిగొచ్చాక ఆశ వదిలేసుకుంటున్నారు. ఖాతా స్టేట్‌మెంట్ తీసుకుని మే, జూన్ నెలల్లో 20 రూపాయలు, 436 రూపాయలు విడివిడిగా కట్ అయ్యాయేమో చూడండి. రెండూ కనిపిస్తే రెండు ఫారాలూ ఇవ్వాలి. ప్రమాద బీమాకు కావలసిన కాగితాలు లేకపోయినా జీవన్ జ్యోతి క్లెయిమ్ ఆగదు. దానికి క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు కార్డు, నామినీ బ్యాంకు వివరాలు ప్రధానం.

ఒకే మనిషికి రెండు బ్యాంకుల్లో రెండు సురక్ష బీమాలు ఉంటే మాత్రం ఒక్కదానికే డబ్బు వస్తుంది. జీవన్ జ్యోతికీ అదే నిబంధన. రెండో ఖాతాలో కట్ అయిన ప్రీమియం వృథా. భార్యాభర్తలది జాయింటు ఖాతా అయితే ఇద్దరూ విడివిడిగా ప్రీమియం కట్టి ఇద్దరూ చేరవచ్చు.

పాము కాటుతో చనిపోయారు. పోస్టుమార్టం చేయించలేదు, ఎఫ్‌ఐఆర్ లేదు. ఇక ఆశ లేనట్టేనా?

మా దగ్గరకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. అన్యాయంగా ఎక్కువసార్లు తిరస్కరించేదీ ఇలాంటి క్లెయిమ్‌నే. అందుకే కాస్త వివరంగా చెప్తాం.

ఈ పథకం నిబంధనలు ప్రమాదాలను రెండు రకాలుగా చూస్తాయి. రోడ్డు ప్రమాదం, రైలు ప్రమాదం, నీళ్లలో మునిగిపోవడం, నేరం జరిగి చనిపోవడం లాంటివాటిని పోలీసులకు తెలియజేసి ఉండాలి. పాము కాటు, చెట్టు మీద నుంచి పడటం లాంటివాటిలో కారణాన్ని రుజువు చేసే ఆసుపత్రి రికార్డు వెంటనే తయారై ఉండాలి. ఈ రెండో రకానికి ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి కాదు. బ్యాంకు కౌంటర్ దగ్గర, కొన్నిసార్లు బీమా కంపెనీలో కూడా, ఈ తేడా చూడకుండా ప్రతి ప్రమాదానికీ ఒకే జాబితా చేతిలో పెడతారు. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు ఉండాలంటారు. ఒక్కటి లేకపోయినా ఫైలు మూస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నల్గొండ జిల్లాలో పత్తి చేలో కూలికి వెళ్లే 42 ఏళ్ల ఒక తల్లి. సెప్టెంబరు 14 సాయంత్రం కలుపు తీస్తుండగా పాదం మీద పాము కరిచింది. ముందు ఊళ్లో నాటు వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లారు, గంటన్నర పోయింది. రాత్రి ఎనిమిదిన్నరకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరారు. డాక్టరు ఓపీ చీటీ మీద ‘పాము కాటు, కుడి పాదంపై రెండు గాట్లు’ అని రాసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ 10 వయల్స్ ఎక్కించి, జిల్లా ఆసుపత్రికి రిఫర్ చేశారు. అక్కడ క్యాజువాలిటీలో పదకొండున్నరకు ప్రాణం పోయింది. ‘కోసి ముక్కలు చేస్తారు, వద్దు’ అని భర్త శవాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. మర్నాడు దహనం చేశారు. నలభై రోజులకు పక్కింటాయన పాస్‌బుక్ చూసి, మే 27న 20 రూపాయలు, 436 రూపాయలు కట్ అయ్యాయని చెప్పాడు.

బ్యాంకుకు వెళ్తే మూడు అభ్యంతరాలు చెప్పారు. ఎఫ్‌ఐఆర్ లేదు, పోస్టుమార్టం లేదు, 30 రోజులు దాటింది. మొదటి రెండిటి సంగతి ఇక్కడ చూద్దాం, మూడోదానికి జవాబు తర్వాతి ప్రశ్నలో ఉంది.

ఈ ఇంటి దగ్గర ఓపీ చీటీ ఉంది, రిఫరల్ చీటీ ఉంది, జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీ రిజిస్టర్లో నమోదు ఉంది. కాటు జరిగిన కొద్ది గంటల్లోనే, డబ్బు ఆలోచన ఎవరికీ లేనప్పుడు, ప్రభుత్వ డాక్టర్లు రాసినవి ఇవి. నిబంధన అడుగుతున్న రికార్డు ఇదే. ఓపీ చీటీ పోయినా ఆరోగ్య కేంద్రం ఓపీ రిజిస్టర్లో, విరుగుడు మందు వాడిన స్టాకు రిజిస్టర్లో ఆ రోజు వివరం ఉంటుంది. ధ్రువీకరించిన నకలు కావాలని మెడికల్ ఆఫీసరుకు దరఖాస్తు పెట్టాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. క్లెయిమ్ ఫారంతో పాటు ఒక లేఖ జతచేయాలి. అందులో ‘పాము కాటుకు వెంటనే తయారైన ఆసుపత్రి రికార్డు సరిపోతుందని పథకం నిబంధనలే చెబుతున్నాయి, ఆ రికార్డు ఇదిగో’ అని రాయాలి. నోటిమాటగా చెబితే ఎవరూ బాధ్యత తీసుకోరు. లేఖ ఇచ్చి, నకలు మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోవాలి.

ఈ కేసులో జీవన్ జ్యోతి 2 లక్షలకు అడ్డేమీ లేదు. సురక్ష 2 లక్షల కోసం మాత్రం పోరాడాల్సి రావచ్చు.

అదే కుటుంబం నాటు వైద్యుడి దగ్గరే ఆగిపోయి, ఏ ఆసుపత్రి గడపా తొక్కకుండా ఉంటే, ప్రమాద క్లెయిమ్ చాలా బలహీనపడేది. సర్పంచ్ సర్టిఫికెట్, ఊరివాళ్ల సంతకాలు ఆసుపత్రి రికార్డుకు సమానం కావు. ఈ మాట చెప్పడానికి మాకూ బాధగానే ఉంటుంది. కానీ లేని ఆశ పెట్టి ఏడాది పాటు తిప్పించడం అంతకంటే అన్యాయం.

30 రోజులు దాటితే క్లెయిమ్ పోయినట్టేనా?

కాదు. సురక్ష బీమా క్లెయిమ్ పద్ధతిలో ఫారం ‘వీలైనంతవరకు’ ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు బ్యాంకులో ఇవ్వాలని ఉంది. ఆలస్యమైతే హక్కే రద్దవుతుందని దాని అర్థం కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011 సెప్టెంబరు 20న అన్ని కంపెనీలకూ ఒక సర్క్యులర్ పంపింది. ఆలస్యానికి సరైన కారణం ఉన్నప్పుడు గడువు నిబంధన చూపించి నిజమైన క్లెయిములను యాంత్రికంగా తిరస్కరించవద్దని అందులో చెప్పింది. వాహన దొంగతనం కేసుల్లో సుప్రీంకోర్టు 2017లో, మళ్లీ 2020లో ఇదే దారిలో తీర్పులిచ్చింది. ఘటన నిజమని రుజువైనప్పుడు, కంపెనీకి చెప్పడంలో జరిగిన ఆలస్యం ఒక్కటే తిరస్కరణకు కారణం కాకూడదని ఆ తీర్పుల సారాంశం.

ఆలస్యానికి కారణం రాతలో ఇవ్వండి. ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరు, బీమా ఉందన్న సంగతే తెలియదు, మరణ ధ్రువపత్రం రావడానికే ఇన్ని రోజులు పట్టింది అని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఖాతాదారు పాలసీ పత్రం ఎన్నడూ చేతికి అందుకోని పథకం ఇది. అలాంటప్పుడు ‘మీకు తెలిసి ఉండాలి’ అని కంపెనీ అనడం ఎంతవరకు న్యాయమో ఫిర్యాదులో అడగవచ్చు.

పోస్టుమార్టం చేయించాం. కానీ ‘ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు వచ్చాకే తుది అభిప్రాయం’ అని రాశారు. కంపెనీ ఫైలు పక్కన పెట్టింది.

విషం అనుమానం ఉన్న మరణాల్లో లోపలి అవయవాల భాగాలను ఎఫ్‌ఎస్‌ఎల్ అనే ఫోరెన్సిక్ ల్యాబుకు పంపుతారు. నివేదిక రావడానికి నెలలు పడుతుంది. చాలాసార్లు అందులో ‘విష పదార్థాలు కనిపించలేదు’ అని వస్తుంది. దాన్ని చూపించి కంపెనీ పాము కాటే కాదంటుంది.

ఇక్కడ తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. మామూలుగా చేసే ల్యాబు పరీక్షలు పురుగుమందులు, నిద్రమాత్రలు, ఆల్కహాల్ లాంటి రసాయనాలను పట్టుకోవడానికి చేసేవి. పాము విషం ప్రొటీన్లతో తయారైనది. దాన్ని గుర్తించడానికి వేరే పరీక్షలు కావాలి, అవి అన్నిచోట్లా చేయరు. కాబట్టి ‘విషం కనిపించలేదు’ అన్న నివేదిక పాము కరవలేదని రుజువు చేయదు. నిజానికి పురుగుమందు కనిపించలేదని తేలడం కుటుంబానికి మేలే, ఎందుకంటే ఆత్మహత్య అనుమానం పోతుంది. సురక్ష బీమాలో ఆత్మహత్యకు డబ్బు రాదు. ఆ నివేదికను పోస్టుమార్టం చేసిన డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి, కాటు గుర్తులు, ఆసుపత్రి చికిత్స ఆధారంగా తుది అభిప్రాయం రాసివ్వమని అడగాలి. సాధారణంగా ఇది పోలీసు స్టేషన్ ద్వారా నడుస్తుంది. దర్యాప్తు అధికారి లేఖ రాస్తేనే డాక్టరు తుది అభిప్రాయం ఇస్తారు. ఎవరూ వెంటపడకపోతే ఆ ఒక్క కాగితం స్టేషన్లోనో, ఆసుపత్రిలోనో ఉండిపోతుంది.

మరణ ధ్రువపత్రంలో కారణం రాసి లేదు, రాయించుకు రమ్మంటున్నారు.

రాయరు, రాయకూడదు. జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరికైనా ఇచ్చే ధ్రువపత్రంలో మరణ కారణం వెల్లడించకూడదు. పంచాయతీ కార్యదర్శి చుట్టూ తిరగడం వృథా. ప్రమాదమని రుజువు చేసేది ఆసుపత్రి రికార్డు, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు. ఈ సెక్షన్ సంగతి ఒక్క వాక్యంలో రాసి బ్యాంకుకు ఇవ్వండి.

బండి మీద నుంచి పడి చనిపోయారు. అయినా ‘ఇది ప్రమాదం కాదు’ అన్నారు. ఎలా?

పోస్టుమార్టంలో గుండెపోటు అని వచ్చి ఉంటుంది. పడటం వల్ల చనిపోయారా, గుండె ఆగడం వల్ల పడ్డారా అన్నదే ఇక్కడ ప్రశ్న. మోటార్ సైకిల్ మీద వెళ్తూ ఛాతీ నొప్పి వచ్చి పడిపోయిన ఒకాయన కేసులో, బయటి గాయం వల్లే మరణించినట్టు రుజువు లేదని 2019లో సుప్రీంకోర్టు ప్రమాద క్లెయిమ్‌ను ఒప్పుకోలేదు. అదే ఏడాది దోమకాటు వల్ల వచ్చిన మలేరియా మరణాన్ని కూడా, అక్కడి పరిస్థితుల్లో, ప్రమాదంగా చూడలేమంది. వడదెబ్బ, మూర్ఛ వచ్చి నీళ్లలో పడటం లాంటివి కూడా ఈ చిక్కులోనే పడతాయి.

తల మీద దెబ్బ, లోపల రక్తస్రావం లాంటివి పోస్టుమార్టం రిపోర్టులో ఉంటే వాటిని చూపించి పోరాడవచ్చు. ఏ గాయమూ లేకపోతే ఆ తిరస్కరణ సాంకేతిక కారణం కాదు, నిజమైన కారణమే. అప్పుడు జీవన్ జ్యోతి మీద దృష్టి పెట్టాలి.

ప్రీమియం ఏటా కట్ అవుతోందనుకున్నాం. ‘ఈ ఏడాది కవర్ లేదు’ అన్నారు.

మే చివరి వారంలో ఖాతాలో డబ్బు లేకపోతే ప్రీమియం కట్ కాదు, బీమా అక్కడితో ఆగిపోతుంది. జన్‌ధన్ ఖాతాలో ఉపాధి కూలీ డబ్బు పడగానే తీసేసుకుంటారు, మేలో ఖాతా ఖాళీ. రెండు బీమాలకు కలిపి 456 రూపాయలు. మే 20 నుంచి జూన్ మొదటి వారం దాకా ఖాతాలో 500 వదిలేయండి, తర్వాత పాస్‌బుక్ ఎంట్రీ వేయించి రెండు కోతలూ పడ్డాయేమో చూసుకోండి. ఫోన్ నంబరు మారితే మెసేజ్ రాదు కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు.

ఆగిన బీమాలో మళ్లీ చేరవచ్చు, కానీ జీవన్ జ్యోతిలో దీనివల్ల ఒక నష్టం ఉంది. కొత్తగా చేరినవారికైనా, మధ్యలో ఆగి తిరిగి చేరినవారికైనా మొదటి 30 రోజుల్లో ప్రమాదం వల్ల కాక వేరే కారణంతో మరణిస్తే డబ్బు రాదు. 2021 జూన్‌కు ముందు ఇది 45 రోజులు ఉండేది. ఆరేళ్లు వరుసగా కట్టి, ఒక్క మేలో తప్పి, ఆగస్టు 5న మళ్లీ చేరి, ఆగస్టు 25న జబ్బుతో పోతే ఆ ఇంటికి ఏమీ రాదు. ఆరేళ్ల ప్రీమియానికి ఆ క్షణంలో విలువ ఉండదు. ఈ నిబంధనను మార్చాలన్నది మా అభిప్రాయం. ఖాతాలో డబ్బు లేక తప్పినవాళ్లనూ, రోగం తెలిశాక కొత్తగా చేరేవాళ్లనూ ఒకే గాటన కట్టకూడదు.

ప్రీమియం కట్ అయింది, పాస్‌బుక్‌లో ఉంది. కానీ ‘మీ పేరు మా జాబితాలో లేదు’ అని కంపెనీ అంటోంది.

ఇది బ్యాంకు బాధ్యత. డబ్బు కట్ చేసి కంపెనీకి పంపకపోయినా, పేర్ల జాబితాలో మీ పేరు ఎక్కించకపోయినా ఆ తప్పు మీది కాదు. మధ్యలో చేరినవారికి ఖాతాలో ప్రీమియం కట్ అయిన తేదీ నుంచే కవర్ మొదలవుతుంది. ఆ కోత కనిపించే స్టేట్‌మెంట్ మీద మేనేజర్ సంతకం, ముద్ర తీసుకుని, బ్యాంకు మీదా కంపెనీ మీదా కలిపి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. కంపెనీ పేరు కూడా బ్యాంకే చెప్పాలి.

చెయ్యి విరిగింది, రాడ్ వేశారు. ఎంత వస్తుంది?

ఏమీ రాదు. ఆసుపత్రి ఖర్చు ఈ పథకంలో లేదు, కొంతకాలం పని చేయలేకపోయినా లేదు. చెయ్యి లేదా కాలు శాశ్వతంగా పనికిరాకుండా పోయిందని ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు ధ్రువీకరిస్తేనే లక్ష.

నామినీగా రాసిన మా అమ్మ కూడా పోయింది. ఎవరు తీసుకోవాలి?

నామినీ లేకపోతే వారసులు తీసుకోవచ్చు. అందుకు వారసత్వాన్ని రుజువు చేసే సర్టిఫికెట్ కావాలి. తహసీల్దారు ఇచ్చేది సరిపోతుందా, కోర్టు నుంచి తేవాలా అన్నది ముందే రాతలో అడిగి తెలుసుకోండి. బతికుండగా బ్యాంకుకు వెళ్లి నామినీ పేరు మార్చుకోవడం పది నిమిషాల పని. నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించాలి. పెళ్లికి ముందు ఇంటిపేరుతో ఉన్న భార్య పేరు దగ్గర చాలా ఫైళ్లు ఆగుతున్నాయి.

తిరస్కరించారు. ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి?

మొదట తిరస్కరణను కారణంతో సహా కాగితం మీద తీసుకోండి. ‘రాదన్నారు’ అన్న మాటతో ఎక్కడా ఫిర్యాదు నిలబడదు. తర్వాత కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి ఒక నెల ఆగండి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి అయిన, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఈ కార్యాలయం కిందకే వస్తాయి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో cioins.co.in ద్వారా కూడా పంపవచ్చు. అంబుడ్స్‌మన్ అవార్డు, అంటే తీర్పు, ఇస్తే కంపెనీ దానికి కట్టుబడాలి.

తప్పు బ్యాంకుదైతే దారి వేరు. బ్యాంకుకు రాసి 30 రోజులు చూసి, cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టాలి. బ్యాంకు, కంపెనీ ఒకరి మీద ఒకరు నెట్టుకుంటుంటే ఇద్దరినీ కలిపి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు లాగడం మేలని మా అనుభవం. రెండేళ్లలోపు వేయాలి. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, సొంతంగా వాదించుకోవచ్చు.

క్లెయిమ్ ఫారాలు తెలుగులోనూ jansuraksha.gov.in లో దొరుకుతాయి. టోల్ ఫ్రీ నంబర్లు 1800-180-1111, 1800-110-001.

రుపే కార్డు మీద కూడా బీమా ఉంటుందంటారు, నిజమేనా?

నిజమే. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన జన్‌ధన్ ఖాతాల రుపే కార్డు మీద 2 లక్షల ప్రమాద బీమా ఉంది, అంతకు ముందువాటికి లక్ష. విడిగా ప్రీమియం లేదు. అయితే ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డును ఒక్కసారైనా వాడి ఉండాలి. బీరువాలో దాచిన కార్డుకు బీమా రాదు. ఏటీఎంలో బ్యాలెన్స్ చూసుకున్నా లెక్కలోకి వస్తుంది, కాబట్టి రెండు నెలలకోసారి ఆ పని చేసి స్లిప్పు ఉంచుకోండి. ప్రమాద మరణంలో ఈ క్లెయిమ్ కూడా సురక్ష, జీవన్ జ్యోతి ఫారాలతో పాటే బ్యాంకులో వేయాలి.